మేనేజర్ గారూ, ఈ మూడు పనులు నేర్పించండి

ఆఫీసుకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి నెలలో మేనేజర్లకు ఒకేలాంటి మెయిళ్లు వస్తుంటాయి. “సార్, కొత్త టూల్‌తో ఇబ్బందిగా ఉంది. దయచేసి ట్రైనింగ్ ఇప్పించగలరు.” రెండే వాక్యాలు. రాసినవాళ్ల ఇబ్బంది నిజమైనదే. చదివే మనిషికి మాత్రం ఆ ఇబ్బంది ఎక్కడుందో తెలియదు. తెలియనప్పుడు ఆయన చేతనైనది చేస్తాడు. నాలుగు గంటల వీడియో కోర్సు లింకు ఒకటి పంపి, “వీలు చూసుకుని చూడండి” అంటాడు. ఆ కోర్సులో కొత్త ప్రాజెక్టు ఎలా తెరవాలో, స్ప్రింట్ ఎలా మొదలుపెట్టాలో ఉంటుంది. అడిగినావిడకు వాటితో పని లేదు. ఆవిడ రోజూ చిక్కుకునేది మూడు నాలుగు చోట్ల, ఆ చోట్లు వీడియోలో రావు. వారం పోయాక “కోర్సు చూశారు కదా, ఇంకా ఏమిటి?” అని అడిగితే చెప్పడానికి మాట దొరకదు.

అందుకే శిక్షణ అడిగే ఉత్తరంలో, చేయలేకపోతున్న పని ఏమిటో ఆ పనినే పేరు పెట్టి రాయాలి. అదెలాగో ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. హైదరాబాదులో అమెరికా ఆసుపత్రులకు మెడికల్ బిల్లింగ్ చేసే ఆఫీసులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఆఫీసులో డినయల్స్ టీమ్ ఉందనుకుందాం. ఇన్సూరెన్సు కంపెనీ కట్టనని తిప్పి పంపిన క్లెయిమ్‌లను పట్టుకుని, కారణం కనుక్కుని, కాగితాలు జతచేసి మళ్లీ అడగడం వీళ్ల పని. ఇన్నేళ్లూ ఒక పెద్ద ఎక్సెల్ షీట్‌లో, క్లెయిమ్‌కి ఒక వరుస చొప్పున నడిపించారు. అత్యవసరమైనవి ఎరుపు, అయిపోయినవి ఆకుపచ్చ. ఒకటో తారీఖు నుంచి అంతా జిరాలోకి మారింది. పదేళ్ల అనుభవమున్న ఒక ఉద్యోగికి క్లెయిమ్ గురించి తెలియనిది లేదు. జిరా మాత్రం కొత్త.

జిరాను ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పుట్టిన అట్లాసియన్ కంపెనీ 2002లో తెచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎక్కడున్నాయో, ఎవరు సరిచేస్తున్నారో రాసుకోవడానికి చేసిన టూల్ అది. తర్వాత మిగతా ఆఫీసు పనులకూ పాకింది. అయినా లోపలి మాటలు చాలావరకు ప్రోగ్రామర్లవే. పైగా పాత వీడియోల్లో Issue అని ఉన్నది ఈమధ్య కొత్త స్క్రీన్ల మీద Work item అయింది. మన ఆఫీసుల్లో అందరూ అనేది టికెట్ కాబట్టి ఇక్కడా అదే మాట వాడుకుందాం. ఎక్సెల్ నుంచి వచ్చినవాళ్లను అసలు ఇబ్బంది పెట్టేది ఈ పేర్లు కావు. షీట్ తెరిస్తే అన్ని వరుసలూ కళ్లముందు ఉండేవి. జిరా తెరిస్తే మనం అడిగినవే కనిపిస్తాయి. అడగడంలో తేడా వస్తే, కనిపించనిది ఉందన్న సంగతి కూడా తెలియదు.

ఉత్తరానికి ముందు ఒక వారం చిక్కుకున్న చోటల్లా రాసిపెట్టుకోవాలి. షిఫ్ట్ అయ్యాక గుర్తు తెచ్చుకుంటే “ఫిల్టర్లు కష్టంగా ఉన్నాయి” అన్నంత మాటే మిగులుతుంది. చిక్కుకున్న నిమిషంలోనే టికెట్ నంబరు, ఏం చేయబోయాను, స్క్రీన్ మీద ఏం వచ్చింది, ఆఖరికి ఎలా బయటపడ్డాను అన్నవి రాసుకుంటే సరిపోతుంది. నాలుగోది ముఖ్యం. పక్క సీటావిడ వచ్చి చేసిపెట్టిందా, టీమ్ లీడ్‌ని అడిగారా, వదిలేసి ఎక్సెల్‌లో చేసుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ చిక్కు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

వారం తర్వాత ఆ కాగితం ముందు పెట్టుకుంటే పది, పన్నెండు చిక్కులు కనిపిస్తాయి. అన్నిటినీ ఉత్తరంలోకి ఎక్కించడమే చాలామంది చేసే పొరపాటు. వాటిలో కొన్ని శిక్షణతో తీరవు.

ఈ తేడా పట్టుకోవడానికి అమెరికాలో శిక్షణ రంగంలో పనిచేసిన రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ 1970లో రాసిన పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది. ప్రాణం మీదికి వచ్చినా ఈ పని ఈ మనిషి చేయలేడా అని అడగమంటారు వాళ్లు. చేయలేడంటే నేర్పాలి. చేయగలిగీ చేయట్లేదంటే అడ్డం ఇంకోచోట ఉంది, అక్కడ ఎంత నేర్పినా ఉపయోగం లేదు. ప్రశ్న కటువుగా ఉంది గానీ, కొత్త టూల్ విషయంలో చక్కగా పనిచేస్తుంది. మన డినయల్స్ ఉద్యోగి కాగితం మీద ఉన్న మూడు చిక్కులకు ఈ ప్రశ్న వేసి చూద్దాం.

మొదటిది: నలభై టికెట్లను ఒక్కసారిగా ఇంకొకరి పేరు మీదికి మార్చబోయింది, ఆ మెనూ కనిపించలేదు. పక్కావిడకు కనిపిస్తోంది. జిరాలో మూకుమ్మడి మార్పులకు వేరే పర్మిషన్ ఉంటుంది. అడ్మిన్ ఇవ్వకపోతే, ఎక్కడ నొక్కాలో క్షుణ్ణంగా తెలిసినవాళ్లకూ అది రాదు. ఇది యాక్సెస్ సంగతి, అడ్మిన్‌కి వేరే టికెట్ పెడితే పోతుంది.

రెండోది: గడువు తేదీ గడిలో ఏ తేదీ వేయాలో తెలియక ఖాళీ వదిలేసింది. అమెరికా ప్రభుత్వ పథకం మెడికేర్ తిప్పి పంపిన క్లెయిమ్‌పై మొదటి అప్పీలుకు, నోటీసు అందినప్పటి నుంచి 120 రోజుల గడువు ఉంటుంది. మార్చి 3న నోటీసు అందితే జూలై 1 ఆఖరు. మరి గడిలో జూలై 1 వేయాలా? కాగితాలు చేరడానికి సమయం పడుతుంది కాబట్టి రెండు వారాలు ముందుకు జరిపి జూన్ 17 వేయాలా? టీమ్‌లో ఒకరు ఇలా, ఒకరు అలా వేస్తున్నారు. ఈ ప్రశ్నకు జవాబు ఏ ట్రైనర్ దగ్గరా ఉండదు, మేనేజరే తేల్చాలి. టికెట్ పేరులో రోగి పేరు రాయవచ్చా అన్నదీ ఇలాంటిదే. జిరా పంపే మెయిళ్ల సబ్జెక్టులో టికెట్ పేరు యథాతథంగా వస్తుంది. అందులో రోగి పేరు ఉంటే ఆ మెయిల్ వెళ్లిన ప్రతి ఇన్‌బాక్సులోనూ అది కనబడుతుంది. రోగుల వివరాల గోప్యతకు అమెరికాలో 1996 నాటి హిపా చట్టం ఉండగా, ఈ విషయాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లకు వదిలేయడం ప్రమాదం. టీమ్ మొత్తానికి ఒక రూలు రాసిపెట్టాలి.

మూడోది: ఈ వారం గడువు దాటబోయే తన టికెట్లన్నీ ఒక్కచోట చూసుకోవాలనుకుంది, చేతకాలేదు. పర్మిషన్ ఉంది, రూలు గురించిన అనుమానమూ లేదు. ఎలా అడగాలో తెలియదు. ఇది నేర్చుకోవాల్సిన పని.

యాక్సెస్, రూలు, నేర్పు అని మూడు కుప్పలు వేస్తే, పన్నెండు చిక్కుల్లో నేర్పు కుప్పలోకి వచ్చేవి మూడో నాలుగో ఉంటాయి. ఉత్తరం వాటి గురించి. మిగతా రెండు కుప్పలనూ దాచనక్కర్లేదు, చివర రెండు మాటల్లో విడిగా చెప్పవచ్చు. కలిపి రాస్తే మాత్రం మేనేజరుకు టూల్ మొత్తం మీద గోడు వెళ్లబోసుకున్నట్టు వినిపిస్తుంది. ఆ కుప్పలు వేయడం ఆయన పని కాదు. వేసిపెడితే ఆయన ఆ రోజే ఏదో ఒకటి చేయగలడు.

ఇప్పుడు ఆ నేర్పు కుప్పను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఉత్తరంలో బలం ఉండాల్సింది ఇక్కడే.

గడువు టికెట్ల సంగతి తీసుకోండి. జిరాలో వెతకడానికి జేక్యూఎల్ అనే చిన్న భాష ఉంది. మన ఉద్యోగి పక్కావిడ దగ్గర ఒక వాక్యం తీసుకుని వాడుతోంది:

```
assignee = currentUser() AND resolution = Unresolved AND due <= 7d
```

నా పేరు మీద ఉన్నవి, ఇంకా తేలనివి, వచ్చే ఏడు రోజుల్లోపు గడువున్నవి చూపించమని దీని భావం. గడువు దాటిపోయినవి కూడా ఇందులోనే వస్తాయి. చూడ్డానికి లోపమేమీ లేదు. కానీ గడువు గడి ఖాళీగా ఉన్న టికెట్ ఈ జాబితాలోకి ఎప్పటికీ రాదు. ఖాళీని ఏ తేదీతోనూ పోల్చలేం కాబట్టి జిరా దాన్ని పక్కన పెట్టేస్తుంది, పెట్టినట్టు చెప్పదు. ఎక్సెల్‌లో అయితే ఫిల్టర్ తెరవగానే ఖాళీలకు ఒక విడి గడి కనిపించేది. మార్చి 3 నాటి ఆ మెడికేర్ క్లెయిమ్‌కు గడువు వేయకుండా వదిలేస్తే, జూన్ 24న గానీ, జూన్ 30న గానీ అది జాబితాలో తేలదు. జూలై 2న ఎవరో ఫోన్ చేసి అడిగితే తప్ప అది ఉందనే తెలియదు. అప్పటికి అప్పీలు గడువు పోయింది. సరైన వాక్యం ఇలా ఉండాలి:

```
assignee = currentUser() AND resolution = Unresolved
AND (due <= 7d OR due is EMPTY)
```

కాదు అని అడిగే చోటా ఇదే చిక్కు. ఫలానా విభాగం కానివన్నీ చూపించు అని అడిగితే, ఏ విభాగమూ రాయని టికెట్లు అందులో రావు. కాబట్టి ఇక్కడి అవసరం “ఫిల్టర్లు నేర్చుకోవడం” కంటే చాలా చిన్నది, చాలా ఖచ్చితమైనది. ఖాళీ గడులు తప్పిపోకుండా నా గడువు జాబితా నేనే రాసుకోగలగాలి. ఇలా రాస్తే, నేర్పే మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

రెండో అవసరం టికెట్ మూయడంలో ఉంది. మన ఉద్యోగి పని అయిపోగానే బోర్డు మీద కార్డుని లాగి Done వరుసలో పడేస్తోంది. అయినా ఉదయం తెరిస్తే అవే టికెట్లు మళ్లీ పెండింగ్ జాబితాలో ఉంటున్నాయి. టీమ్ లీడ్ “ఇవి ఇంకా ఎందుకు మూయలేదు?” అంటున్నాడు. జిరాలో Status ఒక గడి, Resolution ఇంకో గడి. మొదటిది పని ఏ దశలో ఉందో చెబుతుంది, రెండోది పని ఎలా తేలిందో చెబుతుంది. Status గడి Done అన్నా, Resolution గడి Unresolved అనే ఉండిపోతే, తేలనివి చూపించమని అడిగిన ప్రతి జాబితాలోనూ ఆ టికెట్ వస్తూనే ఉంటుంది. చూసి పట్టుకోవడానికి ఒక గుర్తుంది. సరిగ్గా తేలిన టికెట్ నంబరు మీద అడ్డగీత పడుతుంది. గీత లేదంటే రెండో గడి నిండలేదన్నమాట.

ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. ఇది నాకొక్కదానికే జరుగుతోందా, అందరికీ జరుగుతోందా అని ఉత్తరానికి ముందు కనుక్కోవాలి. అందరికీ అయితే అడ్మిన్ ఆ గడిని నింపే ఏర్పాటు చేయలేదని అర్థం, తొంభై మందికి శిక్షణ ఇచ్చినా మారదు. తనకొక్కదానికే అయితే, తాను వెళ్తున్న దారిలో తేడా ఉంది. మన ఉదాహరణలో మూయడానికి రెండు దారులున్నాయి. టికెట్ లోపల ఉన్న బటన్ నొక్కితే, కారణం ఎంచుకోమని చిన్న కిటికీ తెరుచుకుంటుంది. కార్డు లాగితే ఇంకో దారిలో వెళ్లి, ఏమీ అడక్కుండానే Done అయిపోతుంది. పక్కావిడ బటన్ వాడుతోంది, ఈవిడ లాగుతోంది. అంటే నేర్చుకోవాల్సింది నేర్చుకుంటూనే, రెండో దారి మూసేయమని అడ్మిన్‌కి చెప్పాల్సింది కూడా ఉంది. ఒకే చిక్కు రెండు కుప్పల్లో పడటం అరుదేమీ కాదు.

మూడోది టికెట్లను ముడిపెట్టడం. అప్పీలుకు ఆసుపత్రి నుంచి రికార్డులు కావాలి, వాటిని తెప్పించే టీమ్ వేరు. డినయల్ టికెట్ DEN-214, రికార్డుల టికెట్ REC-58 అనుకుందాం. DEN-214 తెరిచి, లింకు రకంలో is blocked by ఎంచుకుని REC-58 ఇవ్వాలి. పొరపాటున blocks ఎంచుకుంటే అర్థం తలకిందులవుతుంది. రికార్డుల టీమ్ తమ టికెట్ తెరిచి, డినయల్స్ వాళ్ల పని అయ్యేదాకా ఆగాలేమో అనుకుంటుంది. ఇటువాళ్లు రికార్డుల కోసం చూస్తుంటారు. రెండు టీములూ ఎదురెదురుగా కూర్చుని ఆగిపోతాయి. పైగా ఈ లింకు ఉన్నంత మాత్రాన జిరా దానంతటది ఎవరినీ ఆపదు, అది సమాచారమే. రికార్డులు రాకుండానే DEN-214ను మూసేసినా ఊరుకుంటుంది.

ఈ మూడింటినీ ఉత్తరంలోకి ఎక్కించేటప్పుడు మేగర్‌దే ఇంకో ఆలోచన పనికొస్తుంది. నేర్చుకున్నాక ఏం చేయగలగాలో రాసేటప్పుడు పని, ఏ పరిస్థితుల్లో, ఎంత బాగా అన్న మూడూ ఉండాలని ఆయన 1962 నాటి తన పుస్తకంలో చెప్పాడు. “ఫిల్టర్లు అర్థం చేసుకోవాలి” అంటే అర్థమైందో లేదో ఎవరు చూస్తారు? “షిఫ్ట్ మొదట్లో, ఎవరి సాయమూ లేకుండా, ఖాళీ గడువులతో సహా నా జాబితా తీయగలగాలి” అంటే ఎవరైనా పక్కన నిలబడి చూడవచ్చు.

అన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది. మన ఆఫీసుల్లో ఇది మెయిల్‌గా, ఎక్కువసార్లు ఇంగ్లీషులోనే వెళ్తుంది. భాష ఏదైనా లోపల ఉండాల్సింది ఇదే.

“విషయం: జిరాలో మూడు పనులకు శిక్షణ కోసం

మేనేజర్ గారికి నమస్కారం.

ఒకటో తారీఖు నుంచి నా క్లెయిమ్‌లన్నీ జిరాలోనే చూస్తున్నాను. టికెట్ తెరవడం, కామెంట్ రాసి సంబంధిత వాళ్లను ట్యాగ్ చేయడం, ఫైళ్లు జతచేయడం, పని గంటలు నమోదు చేయడం వచ్చేశాయి. గంటల గడిలో మొదట ఉత్త 3 అని వేస్తే మూడు నిమిషాలుగా పడింది, ఇప్పుడు 3h అని వేస్తున్నాను. కింది మూడు పనులు మాత్రం సొంతంగా చేయలేకపోతున్నాను.

ఒకటి. గడువు దగ్గరపడిన నా టికెట్లను పూర్తిగా ఒక జాబితాగా తీయలేకపోతున్నాను. పక్కవాళ్ల ఫిల్టర్ వాడాను గానీ, గడువు వేయని టికెట్లు అందులో రావట్లేదని పోయిన వారం గమనించాను. అలాంటివి నా పేరు మీద ఆరు దొరికాయి, అందులో ఒకటి మెడికేర్ అప్పీలు. అది తప్పిపోకుండా ప్రస్తుతం పాత ఎక్సెల్ షీట్ కూడా నడుపుతున్నాను, దానికి రోజూ అరగంట పోతోంది. నేర్చుకున్నాక షిఫ్ట్ మొదట్లో నా అంతట నేను ఈ జాబితా తీయగలగాలి.

రెండు. నేను మూసిన టికెట్లు మళ్లీ పెండింగ్‌లో కనిపిస్తున్నాయి. Resolution గడి నిండట్లేదని అర్థమైంది. మిగతావాళ్లకు ఈ ఇబ్బంది లేదు. కార్డు లాగినప్పుడే ఇలా అవుతోందని అనుకుంటున్నాను. ఏ పనికి ఏ దారిలో మూయాలో, డబ్బు వచ్చినప్పుడు, క్లెయిమ్ వదులుకున్నప్పుడు ఏ కారణం ఎంచుకోవాలో చూపించాలి.

మూడు. రికార్డుల టీమ్ టికెట్లతో ముడిపెట్టేటప్పుడు ఏది దేని కోసం ఆగుతోందో తలకిందులుగా పెడుతున్నాను. పోయిన వారం రెండు సార్లు వాళ్లే ఫోన్ చేసి సరిచేశారు. అయిదు ఉదాహరణలు ఇస్తే అయిదూ సరిగ్గా పెట్టగలిగేదాకా సాధన చేయాలి.

వీటికి నలభై అయిదు నిమిషాల చొప్పున రెండు సార్లు కూర్చుంటే చాలనుకుంటున్నాను. మన టీమ్‌లో జిరా బాగా వచ్చినవాళ్లు ఎవరైనా చెప్పవచ్చు. నిజమైన క్లెయిమ్‌ల మీద ప్రయోగాలు చేయకుండా అడ్మిన్ ఒక సాధన ప్రాజెక్టు తెరిచి ఇస్తే బాగుంటుంది. నాది రాత్రి షిఫ్ట్ కాబట్టి షిఫ్ట్ మొదటి గంటలో పెట్టగలరా? పగలు పెడితే నేను నిద్ర మానుకుని రావాలి, బుర్రకెక్కదు.

శిక్షణతో సంబంధం లేనివి రెండున్నాయి. మూకుమ్మడి మార్పుల యాక్సెస్ కోసం అడ్మిన్‌కి విడిగా టికెట్ పెట్టాను. గడువు గడిలో అసలు ఆఖరి తేదీ వేయాలా, ముందుకు జరిపి వేయాలా అన్నది మీరు టీమ్‌కంతటికీ చెప్పాలని మనవి.

వచ్చే శుక్రవారంలోపు మీ వీలు చెబితే దాన్ని బట్టి పని సర్దుకుంటాను.

ఇట్లు,
డినయల్స్ టీమ్”

ఈ ఉత్తరంలో వచ్చినవి ముందు రాయడం వినయం కోసమో, గొప్ప కోసమో కాదు. రాకపోతే నేర్పే మనిషి టికెట్ తెరవడం దగ్గర నుంచి మొదలుపెట్టి తొంభై నిమిషాలూ అక్కడే ఖర్చుచేస్తాడు. ఆరు టికెట్లు, రోజుకు అరగంట, రెండు ఫోన్లు అన్న లెక్కలు కూడా ఊరికే పెట్టినవి కావు. పై అధికారి దగ్గర ఆ సమయాన్ని సమర్థించుకోవాల్సింది మేనేజరే. ఆయన చేతికి ఆ లెక్క ఇచ్చామన్నమాట. వారం రోజులు కాగితం రాసుకున్నవాళ్ల దగ్గర ఈ అంకెలు ఎలాగూ ఉంటాయి. లేనివి ఊహించి వేయకూడదు. జిరాలో ప్రతి టికెట్‌కూ ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర ఉంటుంది, ఒక్క అంకె తప్పని తేలినా మిగతా ఉత్తరం మీద నమ్మకం పోతుంది.

రాత్రి షిఫ్ట్ మాట రాయడానికి చాలామంది మొహమాటపడతారు. మొహమాటం వద్దు. అమెరికా పనివేళలకు తగ్గట్టు సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగిసే షిఫ్టుల్లో ఉన్నవాళ్లకు, ఉదయం పదకొండుకి పెట్టిన శిక్షణ శిక్షలాగే ఉంటుంది. ట్రైనర్ల విభాగం పగలు పనిచేస్తుంది కాబట్టి ఎవరూ చెప్పకపోతే పగలే పెడతారు. వచ్చి కూర్చున్నవాళ్ల కళ్లు మూసుకుపోతుంటే, నేర్పించాం కదా అన్న టిక్ మార్కు మాత్రం పడుతుంది.

సాధన ప్రాజెక్టు గురించి కూడా ఒక మాట. అసలు క్లెయిమ్‌ల మీద నేర్చుకోబోతే ప్రతి మార్పుకీ ఎవరో ఒకరికి మెయిల్ వెళ్తుంది, రిపోర్టుల్లో లెక్కలు మారతాయి. ఆ భయంతో మనిషి చేయి కదపదు, నేర్పేవాళ్లే మౌస్ తీసుకుని చేసి చూపిస్తారు. చూడటం వేరు, చేయడం వేరు. కాబట్టి మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలని పట్టుబట్టడం న్యాయమే. ఆ ప్రాజెక్టులో రోగుల నిజమైన వివరాలు పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో చిన్న విషయం, సాధన ప్రాజెక్టుకూ అసలు ప్రాజెక్టుకూ మూసే దారులు ఒకేలా ఉండాలి. అడ్మిన్ ఖాళీ ప్రాజెక్టు ఒకటి తెరిచి ఇచ్చేస్తే, రెండో అవసరం అక్కడ కనిపించనే కనిపించదు.

పాత ఎక్సెలే నయమని, టూల్ ఎంచుకున్నవాళ్లు తమని అడగలేదని ఉత్తరంలో రాయవద్దు. ఆ మాట నిజమే కావచ్చు, దానికి వేరే వేదిక ఉంది. ఈ ఉత్తరంలో ఆ వాక్యం ఉంటే మేనేజర్ జవాబు దాని మీదే వస్తుంది, మూడు పనులూ పక్కకు పోతాయి. పక్కావిడతో పోల్చుకుని “ఆమెకు వచ్చు, నాకు రాదు” అనడం కూడా అనవసరం. ఆమెకు ఏ దారిలో మూస్తే సరిగా పడుతోందో అన్న సమాచారం మాత్రం పనికొస్తుంది.

“ఇప్పుడు సమయం లేదు, నెలాఖరు దాటనీయండి” అని జవాబు రావచ్చు. అప్పుడు మూడూ కాకుండా ఒక్కటి అడగాలి. మన ఉదాహరణలో అది మొదటిది, ఎందుకంటే గడువు పోయిన అప్పీలు వెనక్కి రాదు, మిగతా రెండింటి వల్ల అయ్యేది ఆలస్యమే. “సరే సార్, ఖాళీ గడువుల ఫిల్టర్ ఒక్కటి ఈ వారం ఇరవై నిమిషాల్లో చూపిస్తే చాలు, మిగతావి నెలాఖరు తర్వాత” అని రాస్తే కాదనడానికి పెద్ద కారణం ఉండదు. జవాబే రాకపోతే, చెప్పిన శుక్రవారం దాటాక అదే మెయిల్ మీద ఒక్క వాక్యంలో గుర్తుచేయాలి. కొత్త ఉత్తరం మొదలుపెట్టకూడదు, పాతది కిందే ఉంటే ఆయన మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

శిక్షణ అయ్యాక మూడు వారాలకు ఫలితం చూసుకోవడం ఉద్యోగి చేతిలోనే ఉంది. మూసేశాననుకున్నవి నిజంగా తేలాయో లేదో ఈ వాక్యం చెబుతుంది:

```
assignee = currentUser() AND statusCategory = Done
AND resolution = Unresolved
```

పూర్తయిన దశలో ఉండి కూడా తేలనట్టే మిగిలిన టికెట్లు ఇందులో వస్తాయి. శిక్షణకు ముందు ఒకసారి ఈ సంఖ్య రాసిపెట్టుకోవాలి. తర్వాత పాతవి సరిచేసుకున్నాక జాబితా ఖాళీ అయి, మూడు వారాలూ ఖాళీగానే ఉంటే రెండో పని వచ్చేసినట్టే. కొత్తవి ఇంకా చేరుతుంటే వాటిలో ఒకదాన్ని తెరిచి, ఏ దారిలో మూశారో గుర్తు తెచ్చుకోవాలి. కార్డు లాగిన దారే అయితే అలవాటు మారలేదన్నమాట. బటన్ నొక్కి మూసినా గడి నిండలేదంటే తేడా జిరా ఏర్పాటులో ఉంది, ఆ టికెట్ నంబరుతో అడ్మిన్‌కి రాయాలి.